విరుదునగర్ మీద రాసిన గంటలు

నేను పనిచేసే కంపెనీ తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఎట్టయాపురం రోడ్డు మీద, ఒక టైర్ల కొట్టు పైఅంతస్తులో ఉంటుంది. మేము ఏ వస్తువూ తయారు చేయం. మిల్లులకు కరెంటు ప్యానెళ్ళ డ్రాయింగులు గీస్తాం, యంత్రాలను నడిపించే ప్రోగ్రాములు రాస్తాం, వాటిని ఆ మిల్లుకే వెళ్ళి నడిపించి చూపించి వస్తాం. మా దగ్గర అమ్మడానికి ఉన్నది ఇంజనీర్ల సమయం ఒక్కటే. అయినా ఎవరి సమయం ఏ పనికి ఎంత పోతోందో చాలా ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. ఏడాది చివర ఆడిటరు వచ్చి మొత్తం మీద ఇంత మిగిలిందని చెప్పేవాడు. ఏ పనిలో మిగిలింది, ఏ పనిలో పోయింది అని అడిగితే అందరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం.

అందుకే ఓనరు ఈఆర్‌పీ, అంటే కంపెనీ లెక్కలన్నీ ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్, పెట్టించారు. అందులో ప్రాజెక్టుల లెక్క చూసే భాగం నా చేతికి వచ్చింది. అప్పటికి నేను ఆ ఆఫీసులో అకౌంట్స్ చూడడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. కొత్త పద్ధతి చెప్పడానికి సులభం. ప్రతి ఇంజనీరూ తాను పనిచేసిన ప్రతి గంటనూ ఏదో ఒక ప్రాజెక్టు కింద, అందులో ఏదో ఒక పని కింద రాయాలి. దాన్ని టైమ్‌షీటు అంటాం. శనివారం మధ్యాహ్నానికల్లా పంపాలి. ఆ ప్రాజెక్టు బాధ్యుడు చూసి ఆమోదించాలి. ఆమోదం పడగానే ఆ గంటలు, ఆ మనిషి జీతాన్ని బట్టి గంటకు కట్టిన రేటుతో హెచ్చవేసి, ఆ ప్రాజెక్టు ఖర్చులో చేరతాయి. సైటుకు వెళ్ళినవాళ్ళకు దారి ఖర్చులకని ఇచ్చే బేటా కూడా ఆ టైమ్‌షీటును చూసే వస్తుంది.

మొదట్లో అందరూ విసుక్కున్నారు. మమ్మల్ని గడియారానికి కట్టేస్తున్నారన్నారు. విసుక్కోకుండా రాసింది ఒక్కరే. అందరికన్నా పెద్దాయన, పదవీ విరమణ వయసు దాటాక ఏడాదికొకసారి కాంట్రాక్టు పొడిగించుకుంటూ పనిచేస్తున్న సీనియర్ ఇంజనీరు. ఆయనది మా అమ్మ ఊరికి పక్కనున్న కరిసల్ నల్లనేలల ఊరు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. వరస కలిపితే నాకు మామ అవుతారు. ఆఫీసులో నలుగురి ముందు తమిళంలో సార్ అనేదాన్ని, ఎవరూ లేనప్పుడు తెలుగులో మామా అనేదాన్ని. చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం, ఆయన మాటలో కణక్కు అంటే లెక్కల పుస్తకం, పెట్టుకుని, ఏ గంటకు ఏ పని చేశారో పెన్సిలుతో రాసుకుని, శనివారం ఒంటివేలితో టైపు చేసేవారు.

ఆ సంవత్సరం మాకు రెండు పనులు ముఖ్యం. ఒకటి అరుప్పుకోట్టై దారిలో ఒక స్పిన్నింగ్ మిల్లుది. ఓనరు స్వయంగా తిరిగి తెచ్చుకున్న పెద్ద కస్టమరు అది. దాన్ని ఒక యువ ఇంజనీరు చూస్తున్నాడు. రెండోది విరుదునగర్‌లో ఒక నూనె మిల్లుది. అది మామది.

రెండింటికీ గంటల లెక్కన కాకుండా మైలురాళ్ళ లెక్కన బిల్లు వేయాలని ఒప్పందం. విరుదునగర్ పనికి ముందు కొంత అడ్వాన్సు, డ్రాయింగులు ఆమోదించాక ఒక భాగం, ప్యానెళ్ళు బిగించాక ఒక భాగం, చివరికి మిల్లు నడిపించి చూపించి, వాళ్ళు సంతకం పెట్టిన సర్టిఫికెట్ ఇచ్చాక మిగిలిన భాగం. ఆ కాగితం చేతికి వచ్చి, నేను ఆ మైలురాయి పూర్తయిందని గుర్తు పెడితేనే సిస్టమ్‌లో బిల్లు తయారవుతుంది. ఆదాయం కూడా అప్పుడే ఆ ప్రాజెక్టులో కనపడుతుంది. ఖర్చు మాత్రం వారం వారం టైమ్‌షీట్లతో పడుతూనే ఉంటుంది. కాబట్టి రెండు మైలురాళ్ళ మధ్య ఏ నెల చూసినా ప్రాజెక్టు నష్టంలో ఉన్నట్టే ఉంటుంది. ఇది ఓనరుకు నేను ముందే వివరించాను. ఆయనకు అర్థమైంది కూడా. జరిగినదానికి ఈ పద్ధతిని నేను తప్పుపట్టను.

తప్పు వేరే చోట మొదలైంది. ఓనరు అడిగారని ఒక ఏర్పాటు నేనే పెట్టాను. ప్రతి పనికీ ఇన్ని గంటలని ముందే అంచనా ఉంటుంది. ఆ గంటలు అయిపోతే సిస్టమ్ ఆ పని మీద ఇక రాయనివ్వదు. అప్పుడు ప్రాజెక్టు బాధ్యుడు ఓనరు దగ్గరికి వచ్చి ఎందుకు అయిపోయాయో చెప్పాలి. కస్టమరు మార్పులు అడిగాడా, అయితే అదనంగా బిల్లు అడగాలా, లేక మన అంచనాయే తప్పా అని అక్కడ తేలాలి. తలుపు మూసేది మనుషులను మాట్లాడించడానికే.

పనులు మొదలైన మూడో నెలలో స్పిన్నింగ్ మిల్లు పని మీద గంటలు అయిపోయాయి. వాళ్ళు డ్రాయింగులను మళ్ళీ మళ్ళీ మార్పించారు. ఒక శనివారం ఉదయం ఐదుగురు ఇంజనీర్లు నా టేబుల్ చుట్టూ చేరారు. సిస్టమ్ తీసుకోవడం లేదు, మధ్యాహ్నం దాటితే బేటా వచ్చే వారానికి పోతుంది అన్నారు. అంచనా పెంచాలంటే ఓనరే పెంచాలి. ఆయన బంధువుల పెళ్ళికి వెళ్ళి ఉన్నారు, ఫోను తీయడం లేదు. ఒకడికి ఇంటద్దె కట్టాల్సిన రోజు.

నాకు చిన్న ఉపాయం తోచింది. విరుదునగర్ పని మీద ఇంకా గంటలు మిగిలి ఉన్నాయి. ఈ వారానికి దాని మీద రాయండి, ఓనరు వచ్చాక నేను మార్చి రాస్తాను అన్నాను. వాళ్ళు రాశారు. అయితే దాన్ని మామ ఆమోదించాలి. ఆయనకు ఫోను చేశాను. ఆయన అప్పుడు విరుదునగర్ సైటులోనే ఉన్నారు, వెనక మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"ఇదేంది పాపా, మనం సేయని వేలె ఇంత మణి నా పేరు మీద వచ్చి ఉండాది?" అన్నారు, చేయని పనికి ఇన్ని గంటలేమిటని.

"ఒక్క వారానికి మామా. బేటా పడనీండి. నేను మార్చి రాసేస్తాను."

"నువ్వు సూసుకుంటావు గదా?"

"సూసుకుంటాను."

ఆయన ఆమోదించారు. నేను ఆ గంటలను ఒక కాగితం మీద రాసి సొరుగులో పెట్టుకున్నాను.

ఓనరు తిరిగి వచ్చిన రోజు జీఎస్‌టీ రిటర్ను గడువు. మర్నాడు మా చిన్నదానికి జ్వరం. మూడు రోజులు సెలవు పెట్టాను. తిరిగి వచ్చేసరికి నెల ముగిసింది, లెక్కలు మూసేశాం. ఇవి సాకులని నాకు తెలుసు. అసలు సంగతి, ఓనరు దగ్గరికి వెళ్ళి నియమం పెట్టిన నేనే నియమం తప్పించానని చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపులు కుప్ప పడ్డాయి. ఈలోగా ఇంజనీర్లకు దారి అలవాటైపోయింది. ఒక్క వారానికని నేను చెప్పింది పదకొండు వారాలు నడిచింది. రెండో వారం నుంచి నన్ను ఎవరూ అడగలేదు. మామ ప్రతి సోమవారం ఆమోదిస్తూ పోయారు. నేను చూసుకుంటానన్నాను కదా అన్న నమ్మకం ఆయనది. నా కాగితం మీద మొదటి రెండు వారాలకు మించి ఏమీ లేదు.

విరుదునగర్ పని మీద గంటలు ఎందుకు అయిపోలేదని అడగవచ్చు. నడిపించి చూపించే పనికి మామ ఎక్కువ గంటలే అంచనా వేసి పెట్టుకున్నారు, నూనె మిల్లు పాతది కాబట్టి. ఆ గంటలన్నీ స్పిన్నింగ్ మిల్లు తినేసింది.

ఆ పదకొండు వారాలు గడిచాక, తర్వాతి నెల ఓనరు ప్రాజెక్టువారీ లాభనష్టాల రిపోర్టు తీయించి అందరినీ పిలిచారు. తెర మీద రెండు వరసలు. స్పిన్నింగ్ మిల్లు లాభంలో ఆకుపచ్చగా, విరుదునగర్ నష్టంలో ఎర్రగా. మైలురాళ్ళ సంగతి గుర్తుచేసి, చివరి బిల్లు ఇంకా రావాలన్నాను. ఆ చివరి భాగాన్ని కూడా కలిపి చూడమన్నారు. కలిపినా ఎరుపే. అప్పుడు ఆయన మామ వైపు తిరిగి, కోపం లేకుండానే, తమిళంలో అడిగారు. చిన్న నూనె మిల్లుకు ఐదుగురు ఇన్ని వారాలు ఏం చేశారు సార్, ఈ గంటలన్నీ మీరే కదా ఆమోదించారు అని.

మామ తెర వైపు చూశారు. నా వైపు చూడలేదు. ఆయన ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను, నా బరువు తీరిపోతుందని. ఆయన చెప్పలేదు. "నేనే ఆమోదించాను" అని మాత్రం అన్నారు. నా చేతిలో మౌస్ ఉంది. నేను కిందికి జరిపి తర్వాతి ప్రాజెక్టు చూపించాను. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నేను చేసిన అతి చెడ్డ పని ఆ ఒక్క కదలిక. అది చేయడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. వయసైంది, పనిని అదుపులో పెట్టలేకపోతున్నారని ఓనరు అనుకున్నారు. అంకెలు అలాగే చెప్పాయి మరి. చివరి రోజు సాయంత్రం బస్‌స్టాండులో ఆయన పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"ఎందుకు సెప్పలే మామా?" అని అడిగాను.

ఆయన బస్సులు వచ్చే దారి వైపు తిరిగారు. "నేను సెప్పేదానికి ఏముండాది? సూడకుండానే బటన్ నొక్కింది నేనే గదా. నీ పేరు సెప్పాల్సింది నువ్వు" అన్నారు. ఆయన గొంతులో దయ లేదు. కోపమూ కనపడలేదు. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు.

అప్పటికీ నేను చెప్పలేదు. చెప్పినా ఆయన ఉద్యోగం తిరిగి రాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అన్నం తింటుంటే ఏమైందే అని మా అమ్మ అడిగేది. ఆఫీసు పని అనేదాన్ని. మామ భార్య మా అమ్మకు గుడిలో కనపడి, మీ అమ్మాయి ఉన్న ఆఫీసు కదా, ఒక మాట అడగరాదా అందట. అమ్మ ఆ మాట నాకు చేరవేసి ఊరుకుంది. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.

నన్ను కదిలించింది నా మనస్సాక్షి అని చెప్పుకోవాలని ఉంది. నిజానికి నన్ను కదిలించింది ఒక గేటు రిజిస్టరు.

విరుదునగర్ పని మీద వచ్చే డబ్బుకు మించి గంటలు పట్టాయి కాబట్టి నూనె మిల్లును అదనంగా అడగాలని ఓనరు నిర్ణయించారు. ఒప్పందంలో అలాంటి మాట ఒకటి ఉంది. వాళ్ళవైపు ఆలస్యం వల్ల పని పెరిగితే ఆ గంటలకు వేరే బిల్లు వేయవచ్చు. టైమ్‌షీట్ల పట్టిక తీసుకుని నన్నే వెళ్ళమన్నారు, చివరి సర్టిఫికెట్ కూడా సంతకం చేయించుకుని రమ్మన్నారు. నేను ఆ పట్టిక ప్రింటు తీసి, సంచిలో పెట్టుకుని, సాత్తూరు మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాను. దారంతా ఆ కాగితాలు నా ఒళ్ళోనే ఉన్నాయి. మామ ఉద్యోగం పోగొట్టడం ఒకటైతే, ఆ అబద్ధంతో మూడో మనిషి దగ్గర డబ్బు అడగడం ఇంకొకటి. అది తెలిసే వెళ్ళాను. ఎలాగో జరిగిపోతుందని అనుకున్నానేమో, ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.

మిల్లు మేనేజరు వయసైన మనిషి. గది నిండా వేరుశనగ నూనె వాసన. పట్టికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చదివారు. తర్వాత గుమాస్తాతో గేటు రిజిస్టరు తెప్పించారు. లోపలికి వచ్చిన ప్రతి బయటి మనిషీ అందులో పేరు రాసి సంతకం పెట్టాలి. పట్టికలో ఉన్న ఐదు పేర్లలో ఒక్క పేరు కూడా ఆ వారాల్లో ఆ పుస్తకంలో లేదు. ప్రతిరోజూ ఉన్నది మామ సంతకం, ఆయనతో వచ్చిన వైర్‌మ్యాన్ సంతకం.

ఆయన గొంతు పెంచలేదు. "ఆఫీసులో కూర్చుని మా పని చేశారేమో" అన్నారు, నాకు ఒక దారి ఇస్తున్నట్టు. అవునన్నా సరిపోయేది. ప్రోగ్రాము ఆఫీసులోనే రాస్తారు, ఆయనకు దాన్ని తేల్చే మార్గం లేదు. నేను చేయి చాచి ఆ పట్టికను వెనక్కి తీసుకున్నాను. ఇవి మీ పని గంటలు కావండి, తప్పుగా వచ్చాయి, అదనపు బిల్లు లేదు అన్నాను. సర్టిఫికెట్ మాటేమిటి అని అడిగాను.

"ఆ పెద్దాయన వచ్చి మిల్లు ఒకరోజంతా నడిపించి చూపిస్తే సంతకం పెడతాను. వేరేవాళ్ళతో కుదరదు. ఈ ప్యానెల్లో ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలిసింది ఆయనకే" అన్నారు.

మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చాను. ఇంటికి పోకుండా ఆఫీసుకే వెళ్ళి, ఓనరు గదిలో తలుపు మూసి, శనివారం ఉదయం నుంచి మౌస్ జరిపిన క్షణం దాకా అంతా చెప్పాను. ఆయన పూర్తిగా విన్నారు. చివరికి అడిగింది ఒక్కటే. ఎన్ని గంటలు?

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తేల్చడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదుగురినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, వాళ్ళు దాచుకున్న డ్రాయింగు ఫైళ్ళ తేదీలు, మెయిళ్ళు చూసి, ఏ రోజు నిజంగా ఏ పని చేశారో రాసుకున్నాం. మామ నోటుపుస్తకం కావలసి వచ్చింది. ఓనరు ఫోను చేస్తే, ఇంట్లో ఉంది, మనిషిని పంపండి, ఇస్తాను అన్నారట. నన్ను పంపలేదు. స్పిన్నింగ్ మిల్లువే అని తేలిన గంటలు నాలుగు వందల పన్నెండు.

మూసేసిన నెలలను తెరవకూడదని ఆడిటరు అన్నాడు. అందుకే నడుస్తున్న నెల తేదీతో, ప్రతి టైమ్‌షీటుకూ విరుదునగర్ మీద మైనస్ గంటలు, స్పిన్నింగ్ మిల్లు మీద ప్లస్ గంటలు, పక్కన పాత టైమ్‌షీటు నంబరు, కారణం రాశాం. నా మాట మీద అని కారణంలో నేనే రాశాను. స్పిన్నింగ్ మిల్లు అంచనాను ఓనరు పెంచారు, తలుపు తెరుచుకుంది, గంటలు అటు చేరాయి. కంపెనీ మొత్తం లెక్కలో ఒక్క రూపాయీ మారలేదు. రెండు వరసలు మాత్రం తలకిందులయ్యాయి. చివరి బిల్లు కలిపి చూస్తే విరుదునగర్ కొద్దిపాటి లాభంలో ఉంది. ఓనరు గర్వంగా చెప్పుకునే పెద్ద కస్టమరు పని గట్టి నష్టంలో ఉంది.

ఆయన ఆ రెండు వరసలనూ మళ్ళీ ఒకసారి చదివారు. తర్వాత నాతో తమిళంలో అన్న మాట నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. "మూడో నెలలోనే నాకు తెలిసి ఉంటే, మార్పులకు డబ్బు అప్పుడే అడిగేవాణ్ణి అమ్మా. ఇప్పుడు పని చేతికిచ్చేశాక ఎవరు ఇస్తారు?" అన్నారు. స్పిన్నింగ్ మిల్లువాళ్ళు బతిమాలితే కొంత ఇచ్చారు. మిగిలింది పోయింది.

మామను రమ్మని ఆయన స్వయంగా ఊరికి వెళ్ళి అడిగారు. తప్పు మాదేనని చెప్పారు, కాంట్రాక్టు కాగితం కూడా తీసుకెళ్ళారు. మామ ఆ కాగితం తీసుకోలేదు. మిల్లు నడిపించి చూపించే రోజుకు మాత్రం వస్తాను, ఒక రోజుకు నా కూలి ఇంత అన్నారు. ఆయన చెప్పింది మా రేటుకు రెండింతలు. ఓనరు ఒప్పుకున్నారు.

ఆ రోజు సర్టిఫికెట్ తీసుకోవడానికి నేనూ వెళ్ళాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిల్లు ఎక్కడా ఆగలేదు. ఆయన ప్యానెల్ ముందు స్టూలు వేసుకుని, ప్రతి అరగంటకూ మీటరు చూసి రాసుకుంటూ కూర్చున్నారు. నేను టీ తీసుకెళ్ళి ఇచ్చాను. తీసుకున్నారు.

"మామా, నేను సెప్పేసినాను" అన్నాను.

"తెలుసు. ఆయన ఇంటికి వచ్చినప్పుడు సెప్పినాడు." మీటరు మీంచి కళ్ళు తిప్పకుండానే, "మా ఇంట్లోది రెండు నెలలు వూర్లో తల ఎత్తలే. దాన్ని ఏ నెల కణక్కులో తిప్పి రాస్తావు?" అన్నారు.

ఆయన ఖాళీ గ్లాసు నా చేతికి ఇచ్చి మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టారు. మేనేజరు సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే చివరి మైలురాయి పూర్తయిందని గుర్తు పెట్టి బిల్లు తీశాను.

నా ఉద్యోగం పోలేదు. ప్రాజెక్టుల సెట్టింగులు మార్చే అధికారం మాత్రం ఓనరు నా దగ్గర నుంచి తీసేశారు. అది సబబే. ఇప్పుడు గంటలు అయిపోయిన రోజే ఆయన ఫోనుకు మెసేజ్ పోతుంది, ఆయన ఊళ్ళో లేకపోతే ఆమోదించే రెండో మనిషి ఉన్నారు. బేటాను టైమ్‌షీటు ఆమోదం నుంచి విడదీశారు, డబ్బు కోసం ఎవరూ తప్పు చోట రాయాల్సిన అవసరం లేకుండా. అప్పుడే ఈ ఏర్పాట్లు ఉండి ఉంటే అని ఎవరైనా అంటే నేను తల ఊపుతాను. కానీ మౌస్ జరపకుండా ఉండడానికి ఏ సెట్టింగూ అవసరం లేదు.

మామ ఇప్పుడు సొంతంగా రెండు మూడు మిల్లులకు పనిచేస్తున్నారు. ఎప్పుడైనా సాత్తూరు బస్సులో కనపడతారు. వాన గురించి, పత్తి గురించి మాట్లాడతారు. మా ఆఫీసు గురించి అడగరు. దిగే చోటు వస్తే పోయొస్తానని చెప్పి దిగుతారు. బస్సు కదిలేదాకా నేను కిటికీలోంచి చూస్తుంటాను, ఆయన వెనక్కి తిరగరు.